తేలనిదాన్ని తేలనట్టే రాద్దాం

మన పత్రిక పదిహేను రోజులకొకసారి వస్తుంది. వాడ మీద దాడి మాత్రం పత్రిక తేదీ చూసుకుని జరగదు. మ్యాటర్ ప్రెస్సుకి పోయిన రోజు ఆసుపత్రిలో ఉన్న మనిషి, పత్రిక ఊరు చేరేసరికి బతికుండొచ్చు, పోయి ఉండొచ్చు. అరెస్టు చేశామని పోలీసులు చెప్పినవాళ్ళు బెయిలు మీద వచ్చి రచ్చబండ మీద కూర్చుని, మనం రాసిన వార్త మనకే చదివి వినిపించొచ్చు. అయినా రాయక తప్పదు. మనం ఆగితే పెద్ద పత్రికలు ఆగవు గదా! మర్నాడు పొద్దున్నే "ఇరువర్గాల మధ్య ఘర్షణ" అని అచ్చేసి ఊరుకుంటాయి. ఆ రెండు ముక్కలే చరిత్రలో నిలబడిపోతాయి.

ఇట్లాంటి వేళ మనవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. "అన్నీ తేలాక రాద్దాంలే సార్, ఇప్పుడెందుకు తొందర" అంటారు కొందరు. కోర్టులో తేలేదాకా ఆగితే ఎన్నేళ్ళు ఆగాలో చుండూరు చెప్పింది. "తెలియనిదేముంది, ఎవడు చేశాడో ఎందుకు చేశాడో ఊరందరికీ తెలుసు, రాసెయ్యండి" అంటారు మరికొందరు. ఈ రెండో మాటలో కోపం ఉంది, ఆ కోపం న్యాయమైందే. కాని ఊరందరికీ తెలిసినదానికీ, ఒక మనిషి కళ్ళతో చూసి రేపు బోనులో నిలబడి చెప్పగలిగినదానికీ మధ్య ఎంత దూరముందో, ఆ దూరంలో మన కేసులు ఎట్లా పడిపోతున్నాయో కూడా చుండూరే చెప్పింది. అందుకని చుండూరు పట్టుకునే మాట్లాడతాను.

తెనాలి దగ్గర చుండూరు. అప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. 1991 జులై 4న సినిమా హాల్లో, చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న రెడ్డి కులపు యువకుడికి తగిలింది. ఆ తరువాత ఊళ్ళో సాంఘిక బహిష్కరణ. పొలాల్లోకి కూలికి పిలవటం మానేశారు. పోలీసు పికెట్ పెట్టారు, 144వ సెక్షన్ పెట్టారు. నెల గడిచింది. ఆగస్టు 6న పట్టపగలు పోలీసులు మాలపల్లెలోకి వచ్చారు, మగవాళ్ళు పొలాల్లోకి పరుగెత్తారు, పొలాల్లో కాచుకుని ఉన్నవాళ్ళు ఇనుప రాడ్లతో, గొడ్డళ్ళతో, ఈటెలతో వాళ్ళను వేటాడారు. ఎనిమిదిమందిని చంపారు. శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో, కాలవలో పారేశారు.

ఇవాళ మనం "ఎనిమిదిమంది" అని నోరారా అనగలుగుతున్నాం. ఆగస్టు 6 రాత్రి ఎవరనగలరు? శవాలన్నీ ఒక్కసారిగా దొరకలేదు. నీళ్ళలోంచి ఒకటొకటిగా తేలాయి. బతికినవాళ్ళు ఒక్కచోట లేరు. కొందరు తెనాలి చేరారు, కొందరు చుట్టాల ఊళ్ళకి పోయారు, కొందరు పొలాల్లోనే దాక్కున్నారు. ఇంటికి రాని మొగుడు చచ్చాడో, ఏ చెల్లెలింట్లోనో తలదాచుకున్నాడో భార్యకే తెలియదు. ఆ మూడు రోజుల్లో మనకొక కరపత్రం వెయ్యాల్సి వస్తే సంఖ్య దగ్గర ఏం రాయాలి?

ఇక్కడ లెక్క అర్థం కావటానికి ఊరికే ఒక ఊరు అనుకుందాం, ఇది చుండూరు లెక్క కాదు. రాత్రి వాడ మీద పడ్డారు. తెల్లారేసరికి రెండు శవాలు కనపడ్డాయి. ఏడుగురు ఆసుపత్రిలో ఉన్నారు. పదకొండుమంది ఇళ్ళకి రాలేదు. కోపంలో ఉన్న మనవాడు రెండూ పదకొండూ కలిపి "పదమూడుమంది ఊచకోత" అంటాడు. పోలీసు అధికారి "ఇద్దరు మరణించారు" అంటాడు. మూడో రోజుకి పదకొండుమందిలో ఎనిమిదిమంది చుట్టాల ఊళ్ళనుంచి తిరిగొచ్చారు. ఒకరి శవం దొరికింది. ఆసుపత్రిలో ఒకరు పోయారు. మొత్తం నలుగురు చనిపోయినట్టు, ఇంకా ఇద్దరి జాడ లేదు. ఇప్పుడు అవతలవాడు ఏం చేస్తాడు? మన పదమూడును చేతబట్టుకుని "చూశారా, తొమ్మిదిమందిని కల్పించారు" అని ఊరూరా తిరుగుతాడు. నలుగురిని చంపినవాడు తొమ్మిదిమందిని చంపనందుకు పెద్దమనిషి అయిపోతాడు! జాడలేని ఆ ఇద్దరి సంగతి ఎవరూ అడగరు. పదమూడు అబద్ధమైనప్పుడు ఆ రెండూ అబద్ధమేనంటారు.

దీనికి మందు కష్టమైందేం కాదు. మూడు వరసలు రాయాలి. శవం కళ్ళచూసినవాళ్ళు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు, ఇంటికి రానివాళ్ళు. ఈ మూడు వరసల్ని ఎప్పుడూ కూడకూడదు. ప్రతి వరస పక్కన తేదీ, గంట ఉండాలి. ఎవరి దగ్గర విన్నామో మన నోటుపుస్తకంలో ఉండాలి. నేను బడిపంతుల్ని గనక నాకు హాజరు పట్టీ గుర్తొస్తుంది. రాని పిల్లకి ఆబ్సెంటు వేస్తాం గాని పట్టీలోంచి పేరు కొట్టెయ్యం, వచ్చినట్టూ వెయ్యం. ఇంటికి రాని మనిషిని "రాలేదు" అని రాయటం వాడ లెక్కని తగ్గించటం కాదు. ఆ మనిషిని వెతికే పని పోలీసులదని కాగితం మీద పెట్టటం. శవాల లెక్క ఒక్కటే రాస్తే రానివాళ్ళని వెతికే బాధ్యత ఎవరికీ ఉండదు.

రెండో చిక్కు కారణం దగ్గర వస్తుంది. "సినిమా హాల్లో కాలు తగిలినందుకు ఎనిమిది హత్యలు" అనే మాట చుండూరు గురించి ముప్పై ఏళ్ళకు పైగా వింటున్నాం. మనవాళ్ళు కూడా అంటారు, అగ్రకుల అహంకారం ఎంతటిదో చెప్పటానికి. వాళ్ళూ అంటారు, "కుర్రాళ్ళ గొడవ ముదిరింది" అని చెప్పటానికి. ఒకే వాక్యం రెండు పక్షాలకీ పనికొస్తుందంటే ఆ వాక్యంలో ఏదో తక్కువుందని అర్థం. జులై 4కీ ఆగస్టు 6కీ మధ్య నెల రోజులున్నాయి. ఆ నెలలో కూలి ఆపారు. పికెట్ ఉంది, 144 ఉంది. అన్నీ ఉండగానే అంతమందిని పోగుచేసి, ఆయుధాలు తెచ్చి, పొలాల్లో కాపు కాశారు. "కాలు తగిలినందుకు" అంటే ఆ నెల మొత్తం ఎగిరిపోతుంది. ఆ నెలలో ఎవరు ఎక్కడ కూర్చుని ఏం మాట్లాడుకున్నారో అడిగేవాడు ఉండడు.

సంగతి ఇంకా నడుస్తున్నప్పుడు నేను "అందువల్ల" అనే మాటని దూరం పెట్టమంటాను. "ఆ తరువాత" అని రాద్దాం. జులై 4న ఇది జరిగింది, ఆ తరువాత కూలికి పిలవటం ఆపారు, ఆ తరువాత పికెట్ వచ్చింది, ఆ తరువాత ఆగస్టు 6. ఒకదాని వెనక ఒకటి తేదీలతో పేర్చితే చదివేవాళ్ళే మధ్యలో ఖాళీలు చూస్తారు. "పికెట్ పెట్టాక కూడా ఎట్లా జరిగింది?" అని మన వాడలో అక్షరం రాని ముసలమ్మ కూడా అడుగుతుంది. "అందువల్ల" రాసేస్తే ఆ ప్రశ్నకి తావుండదు, మనమే జవాబు చెప్పేసినట్టు.

పోలీసుల సంగతి కూడా ఇంతే. ఆ రోజు పోలీసులే పారిపొమ్మని తరిమారని బతికి బయటపడినవాళ్ళు చెప్పారు. ఇది చిన్న మాట కాదు. దాన్ని "పోలీసులూ రెడ్లూ కలిసి పన్నిన కుట్ర" అని మొదటి రోజే రాస్తే ఏమవుతుంది? కుట్ర అంటే ముందుగా కలిసి కూర్చుని అనుకోవాలి. అది చూసినవాడు వాడలో ఎవడూ ఉండడు, ఉండే వీలు లేదు. కుట్రని రుజువు చెయ్యలేక, రుజువున్న మాట కూడా పోతుంది. దానికంటే "పోలీసులు వాడలోకి వచ్చి పారిపొమ్మన్నారని మాతో మాట్లాడిన ఇంతమంది చెప్పారు, ఫలానా వీధిలో ఇద్దరు తమ చెవులతో విన్నామన్నారు, ఎవరి ఉత్తర్వు మీద వాడలోకి వచ్చారో పోలీసు శాఖ చెప్పలేదు" అని రాస్తే ఎక్కువ బరువుంటుంది. చివరి ముక్క చూడండి. అక్కడ తెలియనిది ఉంది, కాని అది మన అజ్ఞానం కాదు, వాళ్ళు దాచినది.

తెలియనివి రెండు రకాలు. కొన్ని ఎవరికీ తెలియవు, కాలం గడిస్తేగాని తెలియవు. కాలవలో ఇంకో శవం ఉందో లేదో మొదటి రాత్రి ఎవరికీ తెలియదు. కొన్ని మాత్రం ఎవరో ఒకరికి తెలుసు, కాగితం మీదే ఉన్నాయి, మనకి ఇవ్వరు. పోస్ట్‌మార్టం రిపోర్టు డాక్టరు దగ్గరుంది. పికెట్లో ఆ రోజు ఎంతమంది డ్యూటీలో ఉన్నారో స్టేషన్ రికార్డులో ఉంది. ఎఫ్‌ఐఆర్ ఏ గంటకి రాశారో, మేజిస్ట్రేటుకి ఏ గంటకి చేరిందో కాగితం మీదుంది. మొదటి రకాన్ని "ఇంకా తెలియలేదు" అని రాద్దాం. రెండో రకాన్ని "అడిగాం, ఇవ్వలేదు" అని, అడిగిన తేదీతో సహా రాద్దాం. మన రాతల్లో ఈ రెండూ కలిసిపోతున్నాయి. "వివరాలు తెలియాల్సి ఉంది" అని ఒక్క ముక్క వేసి ఊరుకుంటే దాచినవాడికి మనమే ముసుగు కప్పినట్టు.

ఇప్పుడు మాటల సంగతి. పెద్ద పత్రికలు తిప్పి చూడండి. పోలీసు చెప్తే "తెలిపారు". కలెక్టరు చెప్తే "వెల్లడించారు". వాడలో తల పగిలిన ఆడమనిషి చెప్తే "ఆరోపించారు". ఆమె తన తల పగిలిందని ఆరోపించింది! ఇదీ నిష్పాక్షికత అంటే. అందుకు ప్రతిగా మనం మనవాళ్ళకి "తెలిపారు" వేసి పోలీసులకి "బుకాయించారు" వెయ్యాలా? నేనొద్దంటాను. ఇద్దరికీ "చెప్పింది", "చెప్పాడు" చాలు. తాసు సమంగా ఉంటే ఎవరి మాట బరువెంతో చదివేవాడికి తెలుస్తుంది.

ఇంకో మాట. "ఘర్షణలో మరణించారు" అని రాసినప్పుడు చంపినవాడు మాయమవుతాడు. "ఫలానా వాళ్ళు నరికి చంపారు" అని పేర్లు వేస్తే, ఆ పేర్లకి సాక్ష్యం మన దగ్గరుందా అన్న ప్రశ్న వస్తుంది. మన తెలుగులో ఈ రెంటికీ మధ్య చక్కటి దారి ఉంది. "చంపారు" అంటే చాలు. కర్త పేరు చెప్పకుండానే కర్త ఉన్నాడని ఆ క్రియే చెప్తుంది. ఎనిమిదిమంది వాళ్ళంతట వాళ్ళు గోతాల్లోకి దూరి కాలవలో దూకలేదు గదా. చంపారన్నది తేలిన సంగతి. ఏ దెబ్బ ఎవరు కొట్టారన్నది తేలాల్సిన సంగతి. తేలినదాన్ని మెత్తగా రాయకూడదు, తేలనిదాన్ని గట్టిగా రాయకూడదు. పల్లెల్లో మనం రోజూ ఈ తేడా పాటిస్తూనే ఉన్నాం. "వచ్చాడు" వేరు, "వచ్చాడంట" వేరు, "వచ్చుంటాడు" వేరు. చూసిందీ విన్నదీ అనుకున్నదీ నోటితో చెప్పేటప్పుడు ఎవరూ కలపరు. కాగితం మీదికొచ్చేసరికి మాత్రం చదువుకున్నవాళ్ళం మూడింటినీ కలిపి ఒక్క కథ చేసేస్తాం, చదవటానికి సాఫీగా ఉంటుందని. ఆ సాఫీదనం మనకి ఎంత చేటో ఇప్పుడు చెప్తాను.

చుండూరు కేసు విచారణ, ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టులో 2004 డిసెంబరులో గాని మొదలు కాలేదు. చంపిన పదమూడేళ్ళకి! 2007 జులై 31న తీర్పొచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్ళందర్నీ విడుదల చేసింది. హతులు చనిపోయిన సమయం, చంపిన చోటు, కొట్టినవాళ్ళు ఎవరన్నది ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందన్నది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు. ఈ మూడు ప్రశ్నల మీద కేసు పడిపోయింది.

ఆ తీర్పుతో నాకు ఏకీభావం లేదు. ప్రాణం కోసం వరిచేలల్లో పరుగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా? శవాన్ని ఒకచోట చంపి ఇంకోచోట నీళ్ళలో వేసింది, చోటు తెలియకుండా చెయ్యటానికే గదా? హంతకుడు చెరిపేసిన గుర్తు లేదని బాధితుణ్ణి తప్పుపట్టటం ఏం న్యాయం? కాని నా కోపంతో పని లేకుండా కోర్టు పద్ధతి ఒకటుంది. అది తెలుసుకోవాలి. సాక్షి మొదట పోలీసులకి చెప్పినదాన్ని రాస్తారు. వెనక క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 161వ సెక్షన్, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 180వ సెక్షన్. ఏళ్ళ తరువాత బోనులో సాక్షి చెప్పేదాంట్లో అంతకుముందు చెప్పినదానికి తేడా ఉంటే, ముద్దాయి తరపు వకీలు ఆ తేడా చూపించి సాక్షిని కొడతాడు. పోలీసు కాగితమే కాదు, అంతకుముందు ఎక్కడైనా సంతకం పెట్టి ఇచ్చిన కాగితం ఉంటే అదీ ముందు పెడతాడు.

మన నిజనిర్ధారణ బృందాలు ఊరికెళ్ళినప్పుడు ఏం చేస్తాయి? పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడిస్తాయి. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటారు. వెనక నుంచి ఒక కుర్రాడు పేర్లు అందిస్తాడు. చివరకి పదిమంది చూసిన పది ముక్కలూ కలిసి ఒక కథ అవుతుంది. రాసేవాడు ఆ కథని ఒక్క మనిషి నోట్లో పెట్టి "ఫలానా ఆమె ఇట్లా చెప్పింది" అని వేస్తాడు. ఆమె చూసింది గడ్డివామి వెనక నుంచి ఇద్దర్ని. మన పత్రికలో ఆమె పదిహేనుమందిని చూసింది. ఆ సభలో కూర్చుని విన్న ఆమె జ్ఞాపకంలో కూడా మెల్లగా ఆ పదిహేనుమందీ చేరతారు. అందులో అబద్ధం ఏమీ లేదు, మనిషి జ్ఞాపకం అట్లాగే పనిచేస్తుంది. పదమూడేళ్ళ తరువాత బోనులో నిలబెట్టి అడిగితే ఏం చెప్పాలి ఆమె? చుండూరు కేసు మన రాతల వల్ల పోయిందని నేననటం లేదు. అట్లా అనటానికి ఆధారమూ లేదు. కోర్టులు సాక్షిని ఏ చోట పట్టుకుంటాయో చూశాం గనక, ఆ చోట మనం ఆమెని ఇంకా బలహీనం చెయ్యకూడదంటున్నాను.

కాబట్టి ఒక్కొక్కళ్ళని విడిగా కూర్చోబెట్టి వినాలి. "ఏం జరిగిందమ్మా" అని అడగకూడదు, అట్లా అడిగితే ఊరు కథ చెప్తారు. "నువ్వెక్కడున్నావు? అక్కడినుంచి ఏం కనపడుతుంది? అప్పుడు ఏం పని చేస్తున్నావు?" అని అడగాలి. గంట తెలియకపోతే గంట వెయ్యకూడదు. "పాలు పిండేవేళ", "మధ్యాన్నం రైలు పోయాక" అంటే అదే రాయాలి. ఆమె "సరిగా కనపళ్ళా" అంటే ఆ మాట కూడా రాయాలి. ఆమె సాక్ష్యంలో అన్నిటికంటే విలువైన మాట అదే. కనపడనిదాన్ని కనపళ్ళేదన్న మనిషి కనపడిందన్నప్పుడు నమ్మాలనిపిస్తుంది. ఆమె చేత సంతకం పెట్టించొద్దు, అది వకీలుతో మాట్లాడాక చెయ్యాల్సిన పని. పత్రికలో ఆమె పేరు వెయ్యొద్దు. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురిని చంపాక, ఒక ముఖ్యసాక్షి అయిన తల్లిని తరువాత చంపేశారు. పేరు వెయ్యకపోవటం వేరు, సంగతి తేలకపోవటం వేరు. "పేరు మా దగ్గరుంది, వెయ్యటం లేదు" అని స్పష్టంగా చెప్తే సరి. మానభంగం జరిగిన స్త్రీ గుర్తులు అచ్చెయ్యటం ఎట్లాగూ నేరం.

వీడియోల సంగతి ఒక్క మాటలో. సెల్‌ఫోన్లో వచ్చిందల్లా ఆ ఊరిదీ ఆ రోజుదీ కాదు. తీసినవాడెవడో కనుక్కుని, తీసిన ఫోన్‌ని అట్లాగే ఉంచమనాలి. పదిమంది చేతులు మారి మనకి చేరిన వీడియోని "మాకు వచ్చింది, ఎవరు తీశారో తెలియదు" అని రాయాలి, లేదంటే వదిలెయ్యాలి.

"ఇట్లా 'ఏమో, తెలియదు' అని రాస్తే జనం కదులుతారా సార్?" అని మన సంఘంలో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. జవాబు కూడా చుండూరులోనే ఉంది. ఎనిమిది శవాల్ని జనం ఊరి బయట శ్మశానంలో కాదు, ఊరి నడిబొడ్డున పాతిపెట్టారు. ఆ చోటునే రక్తక్షేత్రం అన్నారు. దేశమంతా కదిలింది. అందుకు తొమ్మిదో శవం అవసరం రాలేదు. ఎవరెవరు నరికారో పూర్తి జాబితా కూడా అవసరం రాలేదు. తేలినంత మేరకే ఎంత భయంకరంగా ఉందో చూసి జనం కదిలారు. కదిలిన జనం అడిగింది కూడా తేలనిదాన్ని తేల్చమనే. ప్రత్యేక కోర్టు మా ఊళ్ళోనే పెట్టమని వాళ్ళు పట్టుబట్టింది అందుకే. అన్నీ మాకు తెలుసని రాసుకున్న ఉద్యమానికి విచారణ అడగటానికి కారణమేముంటుంది?

మూసేశారన్న వార్తని కూడా ఇట్లాగే చూడాలి. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. 2024 మే నెలలో, తెలంగాణ పోలీసులు కోర్టులో వేసిన ముగింపు రిపోర్టు బయటికొచ్చింది. అతను ఎస్సీ కాదన్నది, బాధ్యులెవరూ లేరన్నది. కొందరు "క్లీన్ చిట్" అని తీర్పొచ్చినంత సంబరంగా రాశారు. ఆ రిపోర్టు మీద నిరసన రాగానే, మళ్ళీ దర్యాప్తు చేస్తామని, కోర్టు అనుమతి అడుగుతామని డీజీపీ ప్రకటించాడు. ముగింపు రిపోర్టంటే పోలీసుల అభిప్రాయం. దాన్ని ఒప్పుకోవాలా లేదా అన్నది మేజిస్ట్రేటు చెప్పాలి. ఫిర్యాదిదారు దాన్ని వ్యతిరేకిస్తూ అర్జీ పెట్టుకోవచ్చు. అట్లాంటి రోజున రాయాల్సింది "కేసు మూసేశారు" అని కాదు, "మూసెయ్యమని పోలీసులు కోర్టుని అడిగారు" అని. ఈ రెండు వాక్యాల మధ్య ఒక తల్లికి అర్జీ పెట్టుకునే హక్కు ఉంది.

2014 తరువాత చుండూరుని ఎట్లా రాయాలో కూడా ఇదే చెప్తుంది. "హంతకులు నిర్దోషులని తేలింది" అని రాయలేం, హైకోర్టు రుజువు కాలేదన్నది గాని, ఎనిమిదిమందిని ఎవరూ చంపలేదనలేదు. "ఈ 56 మందే చంపారు" అని కూడా ఆ తీర్పు వచ్చాక తేలిన సంగతిలాగా రాయలేం. "ఎనిమిదిమందిని చంపారు. విచారణ కోర్టు 56 మందికి శిక్ష వేసింది. హైకోర్టు రుజువు కాలేదని అందర్నీ వదిలేసింది. దానిమీద సుప్రీంకోర్టుకి అప్పీలు వెళ్ళింది." ఇందులో ఒక్క మాట మెత్తన కాదు, ఒక్క మాట ఎక్కువా కాదు. చదివినవాడికి అన్యాయం కనపడకపోతే వాడి కళ్ళలో ఉంది లోపం.

పత్రిక పని ఒక సంచికతో అయిపోదు గనక ఇంకో పని చెయ్యాలి. వార్త వేసిన ప్రతి సంఘటన కింద, ముందు ముందు ఏం తేలాలో, ఎప్పటికి తేలాలో వెయ్యాలి. అట్రాసిటీ కేసు దర్యాప్తు డీఎస్పీకి తక్కువ కాని అధికారి చెయ్యాలి. ఎవరికి అప్పగించారు? అరవై రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి. అరవయ్యో రోజు ఏ తారీకు? ఆ తారీకు పత్రికలో అచ్చు పడితే, ఆ రోజు వాడ వాళ్ళే స్టేషన్ కెళ్ళి అడుగుతారు. తరువాతి సంచికలో "పోయినసారి ఇట్లా రాశాం, ఇప్పుడు ఇది తేలింది, ఇది ఇంకా తేలలేదు" అని వెయ్యాలి. పాత లెక్క మారితే పాతదాన్ని కూడా పక్కనే ఉంచాలి, గుట్టుగా మార్చకూడదు. పదకొండుమంది రాలేదన్నాం, ఎనిమిదిమంది వచ్చారు, ఒకరి శవం దొరికింది, ఇద్దరు ఇంకా రాలేదు. ఆ ఇద్దరి పేర్లు ఇంటివాళ్ళు ఒప్పుకుంటే ప్రతి సంచికలోనూ వెయ్యాలి, వాళ్ళ సంగతి తేలేవరకూ.

ఊళ్ళనుంచి వార్తలు పంపే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కాగితం మీద మధ్యలో రెండు గీతలు గీయండి. ఒక అరలో చూసినవాళ్ళు చెప్పింది, ఒక అరలో విన్నవాళ్ళు చెప్పింది, మూడో అరలో మీరు అనుకుంటున్నది. పైన తేదీ, గంట. మూడో అర ఖాళీగా ఉంచక్కర్లేదు, నిండుగా రాయండి, మీ ఊరు మీకే తెలుసు. కాకపోతే అది మూడో అరలోనే ఉండాలి.